గుమ్మం దగ్గరే మొదలయ్యే వైద్యం

ఇంట్లో చూసుకుంటే 130 దాటని బీపీ డాక్టరు గదిలో 160 చూపిస్తుంది. ఇలాంటి మనిషి మన బంధువుల్లో ఒకరైనా ఉంటారు. "ఆస్పత్రి మెట్లెక్కితే చాలు, నాకు గుండె దడ మొదలవుతుంది" అని వాళ్లంటే మిగతావాళ్లు నవ్వి ఊరుకుంటారు. నవ్వి వదిలేయాల్సిన విషయం కాదది. 1983లో ఇటలీలోని మిలాన్‌లో జుసెప్పే మాంచా అనే వైద్యుడి బృందం 48 మందికి రక్తనాళంలోనే సన్నటి గొట్టం అమర్చి, బీపీ ఎడతెగకుండా నమోదయ్యేలా చేసింది. డాక్టరు మంచం దగ్గరికి రాగానే పై అంకె సగటున దాదాపు 27, కింది అంకె 15 పెరిగాయి. ఒకటి నుంచి నాలుగు నిమిషాల్లోనే అంత పెరిగింది. ఒకరిద్దరిలో పై అంకె 75 దాకా కూడా ఎగబాకింది. నాడి వేగం కూడా నిమిషానికి 15, 16 చొప్పున హెచ్చింది. ఆ తర్వాత మెల్లగా దిగుతూ, డాక్టరు వెళ్లే సమయానికి దాదాపు మొదటి స్థాయికి వచ్చేసింది.

మన క్లినిక్‌లలో బీపీ ఎప్పుడు చూస్తారో గుర్తు చేసుకోండి. చాలాచోట్ల లోపలికొచ్చి స్టూలు మీద కూర్చోగానే చేతికి పట్టీ చుట్టేస్తారు. భయం బాగా ఎక్కువగా ఉండే సమయం సరిగ్గా అదే. ఆ ఒక్క అంకెను నమ్మి మందు రాస్తే, ఏళ్ల తరబడి మింగాల్సిన మాత్ర కేవలం ఆ పూట భయం వల్ల మొదలైపోవచ్చు. అందుకే రోగి గుమ్మం దాటినప్పటి నుంచి తన బాధ చెప్పుకోవడం పూర్తయ్యేదాకా గడిచే ఆ రెండు మూడు నిమిషాలు వైద్య పరీక్షలో భాగమేనని నా నమ్మకం. స్టెతస్కోపు ఎక్కడ పెట్టాలో నేర్పినంత శ్రద్ధగా పలకరింపునూ నేర్పాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఈవిడ కల్పిత వ్యక్తే గానీ, ఇలాంటివారు ఏ ఓపీలోనైనా కనిపిస్తారు. పేరు సావిత్రమ్మ, వయసు 56, తెనాలి దగ్గర పల్లె. ఊళ్లో పెట్టిన ఉచిత వైద్య శిబిరంలో బీపీ 168/98 వచ్చింది. "అశ్రద్ధ చెయ్యకు, వెంటనే పెద్ద డాక్టరుకి చూపించుకో" అని చీటీ రాసిచ్చారు. మర్నాడు కోడల్ని వెంటబెట్టుకుని పొద్దున్నే బస్సెక్కి గుంటూరులో ఒక క్లినిక్‌కి వచ్చింది. టోకెన్ నంబరు 31. రెండు గంటలు బెంచీ మీద కూర్చుంది. మధ్యలో ఒక టీ తాగింది. తను లేనప్పుడు పిలిచేస్తారేమోనని బాత్రూంకి కూడా వెళ్లలేదు. ఆమె మనసులో ఇంకో సంగతి ఉంది. నిరుడు ఆమె తమ్ముడు పక్షవాతం వచ్చి పోయాడు. అతనికీ మొదట బీపీ అనే చెప్పారు.

ఈ మనిషిని లోపలికి పిలవాలి. ఎలా పిలవాలి?

"థర్టీ వన్!" అని కేకేయవచ్చు. చీటీలో ఉన్నట్టుగా "కె. సావిత్రి!" అనీ అరవవచ్చు. డాక్టరు ముందుగా ఒక పది సెకన్లు చీటీ మీద చూపు పెట్టి, పేరు, వయసు, ఎందుకు పంపారన్నది చదువుకుని, తలెత్తి "సావిత్రమ్మ గారూ, రండి, నమస్తే" అనవచ్చు కూడా. అమెరికాలో గ్రెగరీ మకూల్ బృందం 2007లో ప్రచురించిన అధ్యయనంలో 123 సంప్రదింపుల వీడియోలు చూశారు. వాటిలో దాదాపు సగంలో డాక్టరు నోట రోగి పేరు ఒక్కసారి కూడా రాలేదు. పేరు పలకడం వల్ల ఇంకో మేలూ ఉంది. ఒకే పేరున్న ఇద్దరు ఓపీలో ఉన్నప్పుడు ఒకరి ఫైలు ఇంకొకరి ముందుకు వచ్చే ప్రమాదం అక్కడే బయటపడుతుంది. అందుకే పేరు, ఊరు రెండూ కలిపి అడగడం మంచి అలవాటు. ఊరి పేరు ఎత్తగానే మనవాళ్ల ముఖంలో బిగుసు కొంత సడలుతుంది. "తెనాలి దగ్గర ఏ ఊరమ్మా? బస్సులో వచ్చారా?" అన్న ఒక్క మాట చాలు. అంతకుమించి సాగదీస్తే, చెప్పుకోవాల్సిన బాధ గొంతులోనే ఆగిపోయి ఆవిడ ఇంకా కంగారుపడుతుంది.

మర్యాద విషయంలో మన దగ్గర ఒక చెడ్డ అలవాటుంది. ఇస్త్రీ చొక్కా వేసుకున్నవారిని "మీరు" అనే నోరే నేత చీర కట్టుకున్న కూలి మనిషిని "నువ్వు" అంటుంది. రోగికి ఇది వెంటనే తెలిసిపోతుంది. తెలంగాణ పల్లెల నుంచి వచ్చే పెద్దవాళ్లు "నువ్వే సూడాలె సారూ" అంటారు. అందులో ఉన్నది చనువు, నమ్మకం. దాన్ని ఆధారం చేసుకుని డాక్టరు కూడా ఏకవచనంలోకి దిగడం సరికాదు. అలాగే యాభై ఆరేళ్లావిడను "మామ్మగారూ" అనడం కూడా. ఆమె ఇంకా పొలం పనికి వెళుతుండవచ్చు. "అమ్మా" అంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు.

తర్వాత కూర్చోబెట్టడం. వెనక ఆనుకోవడానికి లేని స్టూలు, ఎదురుగా పెద్ద టేబులు, వెనక తలుపు దగ్గర నిలబడి వింటున్న 32, 33 నంబర్లవాళ్లు. ఈ ఏర్పాటులో ఏ ఆడమనిషీ తెల్లబట్ట సంగతి చెప్పదు, ఏ మగవాడూ మూత్రం సమస్య చెప్పడు. వీపు ఆనే కుర్చీని టేబులుకు ఎదురుగా కాకుండా మూల పక్కగా వేయాలి, తర్వాతివారిని బయటే ఆపాలి, చేతిలోని సంచి పెట్టుకోవడానికి చోటు చూపించాలి. ఇందులో ఖర్చేమీ లేదు. వీపుకు ఆనుడు, పాదాలు నేలకు ఆనడం, చెయ్యి గుండె ఎత్తున టేబులు మీద ఉండటం అనేవి బీపీ సరిగా చూడటానికి ఎలాగూ కావాల్సినవే.

కూర్చున్నాక డాక్టరు తానెవరో చెప్పాలి. సొంత క్లినిక్‌లో బోర్డు మీద పేరుంటుంది, సరే. పెద్దాస్పత్రిలో ముందు హౌస్‌సర్జన్ వస్తాడు, తర్వాత పీజీ డాక్టరు, తర్వాత ఇంకెవరో. ఎవరు ఎవరో రోగికి తెలియదు. పొట్ట నొక్కి చూసింది డాక్టరా, టెక్నీషియనా అన్నదీ తెలియదు. బ్రిటన్‌లో కేట్ గ్రేంజర్ అనే వైద్యురాలు తానే క్యాన్సర్ రోగిగా 2013లో ఆస్పత్రిలో చేరినప్పుడు, తన దగ్గరికి వచ్చే సిబ్బందిలో చాలామంది పేరు కూడా చెప్పకుండానే పని మొదలుపెడుతున్నారని గమనించింది. "నమస్తే, నా పేరు ఫలానా" అని చెప్పడాన్ని ఒక ఉద్యమంగా నడిపింది. 2016లో ఆమె చనిపోయే నాటికి ఆ మాట బ్రిటన్ ఆస్పత్రులంతటా పాకింది. "నేను డాక్టర్ ఫలానా. ఈరోజు మిమ్మల్ని చూసేది నేనే" అనడానికి మూడు సెకన్లు పడుతుంది.

ఇక్కడే ఇంకో రెండు వాక్యాలు కలపాలి. ఏం జరగబోతోందో తెలియకపోవడమే సావిత్రమ్మ భయంలో సగం. "ముందు మీరు చెప్పేది వింటానమ్మా. కొంచెం నెమ్మదించాక బీపీ చూస్తాను, పట్టీ కాసేపు గట్టిగా బిగుస్తుంది, అంతే. మీకు చెప్పకుండా ఏ పరీక్షా చెయ్యను." ఇంజక్షన్ ఉంటుందా, అడ్మిట్ చేస్తారా అని లోలోపల నడుస్తున్న ప్రశ్నలు ఈ మాటలతో కాస్త పక్కకు జరుగుతాయి.

ఇంతలో కోడలు మొదలుపెడుతుంది. "అత్తయ్యకి బీపీ అండీ. ఉప్పు తగ్గించమంటే అస్సలు వినరు, ఆవకాయ లేందే ముద్ద దిగదు..." మన క్లినిక్‌లలో రోగి ఒంటరిగా రావడం అరుదు, వెంట వచ్చినవారే సగం చెప్పేస్తారు. వారిని కసిరితే రోగికే నొప్పి. ఇంటికెళ్లి మందులు చూసుకోవాల్సింది కూడా ఆ కోడలే. "మీరు చెప్పేదీ తప్పకుండా వింటానమ్మా, ముందు అత్తయ్యగారిని చెప్పనిద్దాం" అని, కుర్చీ కాస్త సావిత్రమ్మ వైపు తిప్పుకుంటే చాలు.

ఇప్పుడు మొదటి ప్రశ్న. "ఎలా ఉన్నారు? బాగున్నారా?" అన్నది ఇక్కడ పనికిరాదు. మన అలవాటు కొద్దీ దానికి "బాగున్నానండి" అనే జవాబే వస్తుంది. బాగున్నానని చెప్పేశాక బాధ ఎలా మొదలుపెట్టాలో తెలియక భయస్తులు తడబడతారు. "బీపీకేనా వచ్చారు?" అంటే "అవునండి" అంటారు. అక్కడితో కథ ముగిసిపోతుంది. "చీటీ చదివానమ్మా. అయినా మీ నోటితో వినాలి. ఏం బాధపెడుతోంది, మొదటి నుంచి చెప్పండి" అని అడిగి, పెన్ను కింద పెట్టి, ఊరుకోవాలి.

ఈ ఊరుకోవడమే డాక్టర్లకు కష్టం. 1984లో అమెరికాలో బెక్‌మన్, ఫ్రాంకెల్ అనే ఇద్దరు 74 సంప్రదింపుల రికార్డింగులు విని చూస్తే, రోగి మాట్లాడటం మొదలెట్టిన సగటున 18 సెకన్లకే డాక్టరు అడ్డుపడుతున్నాడని తేలింది. ఆపకపోతే రోగులు గంటలకొద్దీ చెబుతారన్నది వైద్యుల భయం. స్విట్జర్లాండ్‌లోని బాసెల్ విశ్వవిద్యాలయ ఆస్పత్రిలో 335 మంది రోగులను మధ్యలో ఆపకుండా మాట్లాడనిచ్చి గడియారం పెట్టి చూశారు. ఆ అధ్యయనం 2002లో వెలువడింది. సగటున వాళ్లు మాట్లాడింది 92 సెకన్లు. పదిమందిలో దాదాపు ఎనిమిది మంది రెండు నిమిషాల్లోపే ముగించారు. అయిదు నిమిషాలు దాటినవాళ్లు ఏడుగురే. వాళ్లు చెప్పినదాంట్లోనూ తీసేయదగ్గది లేదని వాళ్లను చూసిన డాక్టర్లే అన్నారు.

సావిత్రమ్మ ఏం చెప్పింది? మొదట శిబిరం సంగతి. తర్వాత తలనొప్పి. కాసేపు ఆగింది. డాక్టరు "ఊఁ" అన్నాడు, అంతే. అప్పుడు మోకాళ్ల నొప్పులు బయటికొచ్చాయి. "నొప్పికి మందుల షాపులో ఇచ్చిన బిళ్ల వేసుకుంటున్నానండి, నాలుగు నెలల్నుంచి, రోజుకి రెండు." సంచిలోంచి తీసిన ఆ బిళ్లల అట్ట డైక్లోఫెనాక్. ఈ తరగతి నొప్పి మాత్రలు ఒంట్లో ఉప్పును, నీటిని నిలవేసి బీపీని పెంచుతాయి, కిడ్నీలనూ దెబ్బతీస్తాయి. "బీపీకేనా వచ్చారు?" అని అడిగి ఉంటే ఈ అట్ట సంచిలోనే ఉండిపోయేది. ఆమె దృష్టిలో మోకాళ్లకూ బీపీకీ సంబంధం లేదు మరి.

చివరగా ఒక్క ప్రశ్న. "ఇంకేం లేవు కదా?" అని అడిగితే "లేవండి" అంటారు. "ఇంకా ఏదో చెప్పాలనుకుని వచ్చినట్టున్నారు, చెప్పండి" అంటే లోపలున్నది వస్తుంది. ఇది ఊహ కాదు. జాన్ హెరిటేజ్ బృందం 2007లో అమెరికాలో ఈ రెండు రకాల ప్రశ్నలనూ పోల్చి చూసింది. మాటల్లో చిన్న తేడాయే. కానీ ఇంకా ఏదో ఉండే ఉంటుందన్నట్టు అడిగినప్పుడు, రోగులు చెప్పకుండానే తిరిగి వెళ్లిన బాధల్లో 78 శాతం తగ్గాయి. సావిత్రమ్మ విషయంలో ఆ ప్రశ్నకే తమ్ముడి సంగతి వచ్చింది, కళ్లనీళ్లతో సహా.

సరిగ్గా ఇక్కడే మంచి డాక్టర్లు కూడా పొరపాటు చేస్తారు. "ఛ, అదేం కాదులెండి, భయపడకండి" అంటారు. ఆ మాట చెప్పే మనసు మంచిదే. అయితే ఇంకా పరీక్ష చేయలేదు, ఏమీ కాదని డాక్టరుకీ తెలియదు. ఆ సంగతి రోగికీ తెలుసు. అందువల్ల ఆ ధైర్యం ఆమెకు అందదు. పైగా మాట్లాడింది చాలన్నట్టు వినిపిస్తుంది. "తమ్ముడికి జరిగినట్టే మీకూ అవుతుందేమోనని బెంగ పెట్టుకున్నారు. అర్థమైందమ్మా. మీకు ఆ ప్రమాదం ఎంతుందో ఈరోజు చూసి చెబుతాను" అనడం నిజం, పైగా ఉపయోగం. ధైర్యం చెప్పాల్సింది పరీక్ష తర్వాత.

అప్పుడు సిస్టర్ ఆమెను ముందు బాత్రూంకి పంపింది. నిండిన మూత్రాశయం కూడా బీపీని పెంచుతుంది. తర్వాత అయిదు నిమిషాలు మాటల్లేకుండా కూర్చోబెట్టి, రెండుసార్లు నిమిషం తేడాతో చూసింది. ఇదే సిస్టర్ ఆమెను లోపలికి పంపే ముందు బయట నిలబెట్టి హడావిడిగా చూసిన అంకె 172/100, నాడి 104. ఇప్పుడు 150/90, నాడి 84. సిస్టరే చూడటంలో కారణముంది. 1987లో ఇదే మాంచా బృందం పోల్చి చూసినప్పుడు, నర్సు బీపీ చూసినప్పటి పెరుగుదల డాక్టరు చూసినప్పటి కన్నా బాగా తక్కువగా ఉంది.

డాక్టరు ఆ రోజు బీపీ మాత్ర రాయలేదు. డైక్లోఫెనాక్ మాన్పించి, మోకాళ్లకు పారాసిటమాల్, తొడ కండరాల వ్యాయామం చెప్పాడు. కిడ్నీ, షుగర్ పరీక్షలు, ఈసీజీ రాశాడు. రెండు వారాలయ్యాక ఒక వారం పాటు ఇంట్లోనే ఉదయం రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు బీపీ చూసి రాయమని కోడలికి అప్పజెప్పాడు. మొదటి రోజు అంకెలు వదిలేసి మిగతావాటి సగటు తీస్తే 131/82 వచ్చింది. ఇంట్లో సగటు 135/85 దాటితేనే బీపీ జబ్బు కింద లెక్కేస్తారు. ఇందులో భయం వాటా ఎంత, నొప్పిమాత్ర వాటా ఎంత అని విడదీసి చెప్పలేం. ఏడాదికి ఒకటి రెండుసార్లు చూపించుకుంటూ ఉండాల్సిందే. ఆస్పత్రిలో మాత్రమే బీపీ పెరిగేవారిలో కొందరికి ముందు ముందు నిజంగానే బీపీ వస్తుంది.

పలకరింపు ఫలించిందో లేదో తెలుసుకోవడానికి పరికరాలు అక్కర్లేదు. కుర్చీ అంచున కూర్చున్న మనిషి వెనక్కి ఆనుతుంది. ఒళ్లో పట్టుకున్న సంచి కిందికి దిగుతుంది. ఒక్కొక్క మాటతో జవాబిచ్చినవారు పూర్తి వాక్యాల్లో చెబుతారు. తానే ఒక ప్రశ్న అడిగితే అన్నిటికన్నా మంచి గుర్తు. ఇవేవీ జరగక, అన్నిటికీ "అలాగేనండి, అలాగేనండి" అని తలూపుతుంటే, ఏమీ చెవికెక్కడం లేదని అర్థం. గలగలా నవ్వుతూ ఆగకుండా మాట్లాడేవారినీ ధైర్యవంతులని అనుకోకూడదు. కొందరిలో భయం అలాగే బయటపడుతుంది. చెయ్యి పట్టుకుని నాడి చూస్తే చల్లగా, చెమటగా తగులుతుంది.

పలకరింపుకూ హద్దులున్నాయి. మిలాన్ అధ్యయనంలో అదే డాక్టరు రెండోసారి వచ్చినా బీపీ అంతే పెరిగింది. అంటే పరిచయం ఒక్కటే ఈ భయాన్ని పోగొట్టదు. అంకె నిజమో కాదో తేల్చేది చివరికి ఇంట్లో చూసిన బీపీయే. ఛాతీ నొప్పి, ఆయాసం, మూతి వంకర పోవడం, ఒక వైపు చెయ్యీ కాలూ పడిపోవడం లాంటివాటితో వస్తే కూర్చోబెట్టి కబుర్లు చెప్పే సమయం కాదది. పేరు పెట్టి పిలిచి, "మీ దగ్గరే ఉన్నాం, ఇప్పుడు ఈసీజీ తీస్తున్నాం" అంటూనే చేతులు పనిలో పడాలి.

ఇక సమయం. 2017లో వెలువడిన ఒక అంతర్జాతీయ పరిశీలన ప్రకారం మన దేశంలో ప్రాథమిక వైద్యుడు ఒక్కో రోగికి ఇచ్చే సమయం సుమారు రెండు నిమిషాలు. సర్కారు ఆస్పత్రి ఓపీలో వరసలో ఎనభై మంది ఉన్నప్పుడు డాక్టరుకు 92 సెకన్ల మౌనం గురించి చెప్పడం న్యాయంగా అనిపించదు, నిజమే. అక్కడ కూడా పేరు పలకడం, తలెత్తి చూడటం, అర నిమిషం ఆపకుండా వినడం సాధ్యమే. మిగతాది బయటే జరగాలి. బాత్రూం ఎక్కడుందో చూపించి, "మీ నంబరు తప్పిపోదు, వెళ్లిరండి" అని చెప్పేవారు ఒకరు కావాలి. అయిదు నిమిషాలు కూర్చోబెట్టి బీపీ చూసే సిస్టర్ కావాలి. 2019 నుంచి ఎంబీబీఎస్ పాఠ్యప్రణాళికలో రోగితో మాట్లాడే తీరు కూడా ఒక భాగమైంది. అయితే పుస్తకం ఇంగ్లీషులో ఉంటుంది, రోగి తెలుగులో మాట్లాడతాడు. ఆ తెలుగును నేర్పే బాధ్యత మన వైద్య కళాశాలల్లోని పెద్ద డాక్టర్లదే. హౌస్‌సర్జన్లు చూసి నేర్చుకునేది వాళ్ల నోటి నుంచే.

మీరు రోగిగా వెళుతుంటే ఒక మాట. లోపలికెళ్లగానే "డాక్టరు గారూ, నాకు ఆస్పత్రంటే భయం" అని నోరు తెరిచి చెప్పండి. అది డాక్టరుకు పనికొచ్చే సమాచారం. షాపులో కొనుక్కున్న మాత్రలతో సహా వాడుతున్న మందులన్నీ అట్టలతో తీసుకెళ్లండి. వెళ్లడానికి అరగంట ముందు నుంచీ టీ, కాఫీ, సిగరెట్ ముట్టుకోకండి. పెద్దవాళ్లను వెంటబెట్టుకుని వెళ్లేవారు మాత్రం మొదటి రెండు నిమిషాలు వాళ్లను మాట్లాడనివ్వండి.